అప్‌డేట్: జె-బోల్టుల దగ్గర కారడం ఆగింది

నా ప్రశ్న: "సిమెంటు రేకుల షెడ్డులో బోల్టుల దగ్గరే నీళ్లు కారుతున్నాయి. ఓవర్‌ల్యాప్ పెంచాలా?"

అందరికీ థాంక్స్. ఓవర్‌ల్యాప్‌కీ దీనికీ సంబంధం లేదు. రేకుల మేస్త్రీ పైకెక్కి చూస్తే, కొన్ని బోల్టులు నీళ్లు పారే పల్లంలో ఉన్నాయి. మిగతావాటికి తారు వాషర్లే లేవు, ఇనుప వాషర్ నేరుగా రేకు మీద కూర్చుంది.

పల్లంలోని రంధ్రాలు సీలెంట్‌తో మూసి, పక్కనున్న ఎత్తు మీద కొత్తవి వేశాడు. 8 మి.మీ. బోల్టుకి 10 మి.మీ. రంధ్రం, ఎండకి రేకు కదలడానికి. రేకు మీద తారు వాషర్, దానిపైన ఇనుప వాషర్, తర్వాత నట్టు. తారు అంచు కాస్త ఉబ్బగానే బిగింపు ఆపాలట. ఇంకా తిప్పితే రేకు పగులుతుంది. నిన్నటి గట్టి వానకి చుక్క కారలేదు.

ఇక్కడ చాలామంది చెప్పిన ఎం-సీల్ జోలికి వెళ్లలేదు.