‘ఇదే నా కడపటి వీలునామా’ అంటే పాతది రద్దయినట్టేనా?

శారద: వాక్యార్థం గురించి ఒక సందేహం. మా తాతయ్య రెండు వీలునామాలు రాశారు. 2009లో రాసి రిజిస్టరు చేయించినదాంట్లో ఇల్లు పెద్ద మామయ్యకు, పొలం చిన్న మామయ్యకు. 2016లో తెల్ల కాగితం మీద రాసినదాంట్లో ‘పొలం మా అమ్మాయికి చెందవలెను. ఇదే నా కడపటి వీలునామా’ అని రెండే వాక్యాలు. కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. ‘రద్దు’ అనే మాట ఎక్కడా లేదు. ‘కడపటి’ అంటే వరసలో ఆఖరిది అనేనా, లేక ముందువన్నీ పోయినట్టా?

సుధీర్: మాట సంగతి అటుంచండి. రిజిస్టరైన వీలునామాను తెల్ల కాగితం ఏం చేస్తుంది? దాన్ని రద్దు చేయాలంటే మళ్లీ సబ్ రిజిస్ట్రార్ దగ్గరకే వెళ్లాలి. 2009 నాటిదే చెల్లుతుంది.

వెంకటరమణ: సుధీర్ గారూ, ఆ మాట అమ్మకం దస్తావేజుకు సరిపోతుంది, వీలునామాకు కాదు. వీలునామా రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. 1925 నాటి భారత వారసత్వ చట్టం 70వ సెక్షను ప్రకారం తర్వాత రాసిన వీలునామా పాతదాన్ని రద్దు చేయగలదు. రిజిస్టరు కాకపోయినా ఫర్వాలేదు, సంతకమూ ఇద్దరు సాక్షులూ సరిగ్గా ఉండాలి. అయితే తెల్ల కాగితాన్ని కోర్టు అనుమానంగా చూస్తుంది, రుజువు చేయడం కష్టమవుతుంది. మీ మాటలో నిజం అంతవరకే. ఇంకోటి, 2016 నాటిది దొంగ సంతకమనో, సాక్షి ఒక్కడేననో తేలితే అది పాతదాన్ని ఏమీ చేయలేదు. 2009 నాటిది అలాగే నిలబడుతుంది.

ఇక శారద గారి ప్రశ్న. వాడుకలో ఉన్న వాక్యం ‘ఇంతకు పూర్వం నేను వ్రాసిన వీలునామాలు ఏవైనా ఉన్న యెడల అవి రద్దు’ అని. అది ఉంటే పాతది మొత్తం పోతుంది. అది లేనప్పుడు ‘కడపటి’ అనే ఒక్క మాటతో అంత పని జరగదు. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఎక్కడ పొసగవో అక్కడ కొత్తది నెగ్గుతుంది. పొలం విషయంలో పొసగవు కాబట్టి అది మీ అమ్మగారికి. ఇంటి గురించి కొత్తది ఏమీ అనలేదు కాబట్టి 2009లో చెప్పినట్టు పెద్ద మామయ్యకు.

గౌతమి: ‘కడపటి’ సరే, ‘ఇదే’లో ఏకారం సంగతేమిటండీ? ‘ఇది నా వీలునామా’ అనడం వేరు, ‘ఇదే’ అనడం వేరు. ‘వాడే వచ్చాడు’ అంటే ఇంకెవరూ రాలేదని కదా. తాతగారు ఇది తప్ప మరొకటి లేదనే ఉద్దేశంతో రాశారని ఎందుకు అనుకోకూడదు?

వెంకటరమణ: మంచి పాయింటు. చిన్న మామయ్య తరఫు వకీలు అదే పట్టుకుంటాడు, ఎందుకంటే 2009 నాటిది మొత్తం పోతే ఇల్లు వీలునామా లేని ఆస్తి అవుతుంది, అందులో ఆయనకూ వాటా వస్తుంది. కానీ దస్తావేజుల తెలుగులో ‘ఇదే నా కడపటి వీలునామా’ అనేది లేఖరులు అలవాటుగా వేసే ముక్తాయింపు. మొదటిసారి రాసే వీలునామాలోనూ అదే ఉంటుంది. అందుకే కోర్టు ఏకారాన్ని అంత బరువుగా తీసుకోదని నా అభిప్రాయం.

గౌతమి: లేఖరి రాస్తే అలవాటు. తాతగారు స్వయంగా తన చేత్తో రాసుకుంటే? నాకింకా నమ్మకం కుదరలేదు.

జానకి: మా నాన్నగారు మా అన్నకు ఇల్లు దాన సెటిల్మెంటు రాసి రిజిస్టరు చేశారు. ఇప్పుడు మనసు మారి నా పేర వీలునామా రాస్తానంటున్నారు. చివరగా రాసిందే నెగ్గుతుందన్నారు కదా, అంటే నాకు వస్తుందా?

వెంకటరమణ: లేదమ్మా, అది వేరే దారి. వీలునామా రాసిన మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది కాబట్టి బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దాన సెటిల్మెంటుతో హక్కు అప్పుడే మీ అన్నగారికి వెళ్లిపోయింది. లేని ఆస్తికి వీలునామా రాయలేరు. ఆ దస్తావేజులో షరతులేమైనా ఉన్నాయేమో దగ్గరలో ఉన్న వకీలుకు చూపించండి.

శారద: ఒక విషయం ముందే చెప్పాల్సింది. 2016 కాగితం తాతయ్య బీరువాలోనే దొరికింది, కానీ మధ్యకు రెండు ముక్కలై ఉంది. దాని జిరాక్స్ అమ్మ దగ్గరుంది. అమ్మమ్మ తాతయ్య కంటే ముందే పోయారు.

సుధీర్: ఇంకేం, చింపేశారంటే రద్దయినట్టే. మళ్లీ 2009 నాటిది అమల్లోకి వస్తుంది. నేను మొదట్నుంచీ అన్నది అదేగా!

వెంకటరమణ: రెండు మెట్లు ఒకేసారి దూకారు. మొదటిది, చింపింది ఎవరు? తాతగారే చింపాలి, లేదా ఆయన చెబితే ఆయన కళ్లెదుటే మరొకరు చింపాలి. అదీ రద్దు చేయాలన్న ఉద్దేశంతో. ఫోన్‌లో ‘చింపెయ్’ అంటే వేరే ఊళ్లో ఎవరో చింపినా రద్దు కాదు. మామయ్యల్లో ఒకరు కోపంతో చింపినా, పొరపాటున చిరిగినా వీలునామా బతికే ఉంటుంది. అప్పుడు జిరాక్స్‌నూ, ముక్కలనూ పెట్టి దాన్ని రుజువు చేసుకోవచ్చు.

రెండో మెట్టులోనే చాలామంది జారిపడతారు. తాతగారే చింపారనుకుందాం. దాంతో పాతది తనంతట తాను లేచి కూర్చోదు. రద్దయిన వీలునామా తిరిగి బతకాలంటే మళ్లీ సాక్షుల ఎదుట సంతకం చేయాలి, లేదా దాన్ని పునరుద్ధరిస్తున్నట్టు అనుబంధం రాయాలి. ఇది ఆ 1925 చట్టంలోనే 73వ సెక్షను. కాబట్టి పొలం ఎవరికీ రాయనట్టే అయి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురు పిల్లలకూ తలా మూడో వంతు. ఇల్లు మాత్రం పెద్ద మామయ్యదే. 2016 కాగితంలో ‘రద్దు’ అనే మాట ఉంటే ఈ లెక్కలో నాకు సందేహమే ఉండేది కాదు. ఇక్కడ పొసగకపోవడం వల్ల కలిగిన రద్దు కాబట్టి, కొత్తది పోయాక పాతదానికి అడ్డేముంది అని చిన్న మామయ్య వాదించే చోటు కొంత ఉంది.

మస్తాన్: మా నాన్న వీలునామా అసలు కనిపించనే లేదు, జిరాక్స్ ఒక్కటే ఉంది. అవతలివాళ్లు ‘ఆయనే చించేసుంటాడు’ అంటున్నారు. ఎవరు చూశారండీ?

వెంకటరమణ: ఆ వాదన గాలిలోంచి పుట్టలేదు మస్తాన్ గారూ. కాగితం చివరిదాకా రాసిన మనిషి దగ్గరే ఉండి, పోయాక దొరక్కపోతే ఆయనే నాశనం చేశారని ఊహించడం ఇంగ్లీషు కోర్టుల నుంచి వచ్చింది. మన దగ్గర దాన్ని అంత గట్టిగా పట్టించుకోరు. ఇళ్లలో కాగితాలు ఎలా ఉంటాయో జడ్జీలకూ తెలుసు. ఆయన మనసు మార్చుకోవడానికి కారణం కనిపిస్తుందా, బీరువా తాళం ఎవరి చేతిలో ఉండేది, వీలునామా లేకపోతే లాభపడేది ఎవరు అని చూస్తారు. చనిపోయాక పోయిందని తేలితే నకలు మీద ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ, ఇవ్వడానికి అదే చట్టంలో 237వ సెక్షను ఉంది. నకలు కూడా లేకపోతే సాక్ష్యంతో నిరూపించే దారి 238లో ఉంది. మీరు ముస్లింలైతే మాత్రం ఈ సెక్షన్లు అలాగే వర్తించవు, మీ వకీలును అడగండి.

శారద: చిరిగిన ముక్కలను టేపుతో అతికించి పెట్టమన్నాడు మా అన్నయ్య. సాక్షుల్లో ఒకాయన పోయారు, రెండో ఆయన ఉన్నారు.

వెంకటరమణ: అతికించకండి. చిరుగు ఎలా ఉందన్నదే సాక్ష్యం. నిలువునా ఒక్క లాగుతో చింపినట్టుందా, మడత దగ్గర అరిగి విడిపోయిందా, సంతకం మీదుగా పోయిందా అని చూస్తారు. రెండు ముక్కలూ దొరికినవి దొరికినట్టే ఒక కవర్లో పెట్టండి, బీరువా తెరిచినప్పుడు ఎవరెవరు ఉన్నారో రాసిపెట్టుకోండి. మిగిలిన సాక్షి ఆరోగ్యం ఎలా ఉంది?

శారద: ఎనభై దాటారు. మాట స్పష్టంగానే ఉంది. చిన్న మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు.

గౌతమి: అయితే ఆయన్ని ఇంకో సంగతి కూడా అడగండి. ఆ ‘ఇదే’ తాతగారు తానే రాశారా, పక్కనుంచి ఎవరైనా చెప్పి రాయించారా?