అప్‌డేట్: 23 రోజులు కదలని క్రిప్టో కాయిన్ అమ్మేశాను

నా ప్రశ్న ఇదీ: "60 రూపాయల దగ్గర 40,000 పెట్టి ఓ కాయిన్ కొన్నాను. 54కి పడితే నష్టానికైనా అమ్మేసేలా స్టాప్, టార్గెట్ 72. మూడు వారాలుగా 58–61 మధ్యే ఊగిసలాడుతోంది. ఉంచాలా, అమ్మాలా?"

23వ రోజు 59.40 దగ్గర అమ్మేశాను. చేతికి 39,600 రావాలి, కానీ 1% టీడీఎస్ కింద 396 పోయింది. రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది, అప్పటిదాకా ఆ డబ్బూ ఇరుక్కున్నట్టే. 400 నష్టాన్ని వేరే కాయిన్ లాభంలో తగ్గించుకునే వీలు కూడా లేదు.

అదే డబ్బు 7% వడ్డీకి ఉంటే 23 రోజులకు సుమారు 176 రూపాయలు వచ్చేవి. అది చిన్నదే. నన్ను బాధపెట్టింది మరొకటి: మధ్యలో నచ్చిన ట్రేడ్ ఒకటి కనిపించినా చేతిలో డబ్బు లేక వదిలేశాను.

ఇకపై కొన్న రోజే గడువు రాసుకుంటున్నాను: పది రోజువారీ క్యాండిల్స్, అంటే పది రోజులు. కొన్న ధరకీ స్టాప్‌కీ మధ్య తేడా, అంటే రిస్క్, 6 రూపాయలైతే అందులో సగమైనా, అంటే 63 దాకా, ఒక్కసారైనా వెళ్లకపోతే బయటికి. గడువు మూడు రోజులకు కుదిస్తే మాత్రం మాటిమాటికీ అమ్మాల్సి వచ్చి టీడీఎస్‌లో డబ్బు ఇరుక్కుంటుంది, ఫీజులు తినేస్తాయి. అన్నట్టు, అమ్మిన మర్నాడు 61కి వెళ్లింది, మళ్లీ 59కే వచ్చింది!