పీఠానికి రాసే ఉత్తరంలో పేర్లు పెట్టాలా, వద్దా?

పర్లాకిమిడి ఆడపడుచు: అమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. నాన్నగారు ముందే పోయారు. తాతల నాటి ఇంటి దగ్గర అన్నయ్యకీ తమ్ముడికీ మాటల్లేవు. తద్దినానికి తమ్ముణ్ని గుమ్మం ఎక్కనివ్వనంటున్నాడు అన్నయ్య. ఇద్దరూ మా పీఠాధిపతి మాట కాదనరు. వాళ్లకి తెలియకుండా స్వామివారికి ఉత్తరం రాయాలనుంది. పేర్లూ ఊరూ రాయొచ్చా? గుట్టుగా ఉంటుందా?

రాయగడ మావయ్య: అన్నీ రాయమ్మా. సగం చెబితే సగం సమాధానమే వస్తుంది. స్వామివారికి చెప్పింది ప్లీడరుకి చెప్పినట్టే, బయటపెట్టమని చట్టం కూడా అడగదు.

మఠం పాతకాపు: సగం చెబితే లాభం లేదన్నది నిజమే. కానీ ఆ కవరు నేరుగా స్వామివారి చేతికి వెళ్లదు. ఒక మఠం ఆఫీసులో ఉత్తరాలు విప్పే పని చేశాను కనుక చెబుతున్నాను. ముందు గుమాస్తా విప్పుతాడు, తరవాత కార్యదర్శి చూస్తారు, పూజ అయ్యాక తీరిక చూసి సారాంశం స్వామివారికి విన్నవిస్తారు. మీ జిల్లావాళ్లు ఆ గదిలో ఎవరైనా ఉంటే ఇంటిపేరూ ఊరూ చూడగానే పోల్చేస్తారు. పెద్ద ఉత్తరాలకి చాలాసార్లు ఫలమంత్రాక్షతలు మాత్రమే వెళ్లేవి, అసలు సంగతి మీద ఒక్క ముక్క ఉండేది కాదు. ఏం అడుగుతున్నారో తేలకపోవడమే కారణం.

అందుకని ఒక్క కాగితం, ఒక్క ప్రశ్న. ఇలా రాయండి: "తల్లికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మాది ఆపస్తంబ సూత్రం. పెద్దవాడు కర్త. చిన్నవాణ్ని రానివ్వడం లేదు. ఆ రోజు చిన్నవాడు ఏం చెయ్యాలి?" సూత్రం తప్పకుండా రాయాలి, దాన్నిబట్టే ప్రయోగం మారుతుంది. గోత్రం, ఊరు అక్కర్లేదు. ఇంకా మంచి దారి కావాలంటే చాతుర్మాస్యంలో స్వామివారు ఒకేచోట ఉంటారు, అప్పుడు వెళ్లి ఏకాంతంగా విన్నవించుకోండి. కానీ మీ తిథి అప్పటిదాకా ఆగదు కదా.

బరంపురం వకీలు: మావయ్యగారి చట్టం మాట సరికాదు. మన సాక్ష్య చట్టం భార్యాభర్తల మాటలకీ, వకీలుతో చెప్పుకున్నదానికీ రక్షణ ఇచ్చింది. మతగురువుకి రాసిన ఉత్తరానికి అలాంటి రక్షణ ఇవ్వలేదు. 2023లో చేసిన కొత్త చట్టంలోనూ లేదు.

అమ్మా, మీకు ఇంకో చిక్కుంది. అన్నదమ్ములు కలిసి ఉంటే తద్దినం ఒకరే పెడతారు, వేరుపడితే ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు. అంటే "తమ్ముడు విడిగా పెట్టుకోవచ్చా" అనే ప్రశ్నలోనే "పంపకాలు అయ్యాయా" అన్నది దాక్కుని ఉంది. కర్మలు విడివిడిగా చేసుకోవడాన్ని వేరుపడ్డారనడానికి ఒక ఆనవాలుగా కోర్టులు ఎప్పట్నించో చూస్తున్నాయి. అదొక్కటే చాలదు, కానీ లెక్కలోకి వస్తుంది. ఉత్తరంలో మీరు "వాళ్లు ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నారు" అని రాశారనుకోండి, రేపు దావా పడితే ఆ కాగితం మీ వాటాకే అడ్డం రావచ్చు. 2005 సవరణతో తాతల ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానమైన హక్కు వచ్చింది. ఆ హక్కు లేదనడానికి నోటిమాట పంపకం మామూలుగా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు మీ చేత్తోనే ఆ మాట రాసి ఇవ్వడం ఎందుకు? ఇంటి ఊసెత్తకుండా కర్మ గురించే అడగండి.

సిరొంచ భాయ్: మా ఇంట్లో వాటాల గొడవొచ్చినప్పుడు ముఫ్తీ సాబ్‌ని ఫత్వా అడిగాం. మాలో అసలు పేర్లు రాయకుండా జైద్, బకర్ అని పెట్టి రాసే పద్ధతి ఉంది. ఆడవాళ్లకైతే హిందా అంటారు. ముఫ్తీ విషయం మీద చెబుతాడు, మనిషి మీద కాదు. మా చాచా మాత్రం జవాబు చదివి "ఆ బకర్ నేను కాదు" అన్నాడు. పేరు లేని జవాబుని ఎవరి మీదైనా రుద్దడం కష్టం, అక్కా.

గుణుపురం కుర్రాడు: ఇవన్నీ ఎందుకండీ, వాటా కావాలంటే సూటిగా దావా వేసెయ్యండి.

పర్లాకిమిడి ఆడపడుచు: నాకు వాటా వద్దు బాబూ. అమ్మ తద్దినం నాడు తమ్ముడు వీధిలో నిలబడకూడదు, అంతే. వకీలుగారూ, ఇంటి మాట ఉత్తరంలో తీసేస్తాను. కానీ భాయ్ చెప్పింది నన్ను పట్టుకుంది. పేరు లేకుండా వచ్చిన జవాబు చూపిస్తే అన్నయ్య కూడా "ఇది మా సంగతి కాదు" అనేస్తాడు.

మఠం పాతకాపు: అంటాడు. అందుకే ఆ జవాబు అన్నయ్యకి చూపించకండి, మీ పురోహితుడికి చూపించండి. తద్దినం పెట్టించేది ఆయన. కర్త పెద్దవాడే అయినా చిన్నవాడు పక్కన కూర్చుని నమస్కరించుకోవడానికి అభ్యంతరం లేదని పీఠం నుంచి వస్తే, ఆ మాట ఆయన నోటివెంట రావాలి.

రాయగడ మావయ్య: చట్టం సంగతి ఒప్పుకున్నాను. కానీ పురోహితుణ్ని మధ్యలోకి లాగితే పర్లాకిమిడి అంతా తెలిసిపోదా? నాకైతే ముందు తమ్ముడికి చెప్పి, అతని చేత సంతకం పెట్టించి పంపడమే న్యాయం అనిపిస్తోంది.

పర్లాకిమిడి ఆడపడుచు: తమ్ముడికి చెబితే ఒప్పుకోడు, మావయ్యా. "నా తల్లికి పెట్టుకోడానికి నాకు అనుమతెందుకు" అంటాడు. కాగితం మాత్రం ఈ రాత్రికే రాస్తున్నాను.