పాస్‌పోర్ట్ ఫారంలో గార్డియన్ గడి: పెంచింది మామయ్య అయితే ఎవరి పేరు రాయాలి?

ఖమ్మం_స్వాతి: అందరికీ నమస్తే. ఎంఎస్‌కి వెళ్లాలని పాస్‌పోర్ట్‌కి అప్లై చేస్తున్నాను, వయసు 22. చిన్నప్పుడే అమ్మ పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయారు, మాటల్లేవు. నన్ను పెంచింది, చదివించింది మా మేనమామ. ఆధార్‌లో కేరాఫ్ దగ్గర ఆయన పేరే ఉంది. పదో తరగతి మెమోలో మాత్రం అమ్మానాన్నల పేర్లు ఉన్నాయి. ఫారంలో నాన్న, అమ్మ, లీగల్ గార్డియన్ అని మూడు గడులున్నాయి. మామయ్య పేరు మూడోదాంట్లో రాయొచ్చా? నాన్న పేరు రాస్తే ఆయన సంతకం అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.

రవి_వరంగల్: రాసేయండి, ఏం కాదు. నాకూ బాబాయే గార్డియన్. ఇంటర్, ఇంజనీరింగ్ అడ్మిషన్ అన్నిట్లో ఆయన పేరే ఇచ్చాను, ఎవరూ ఏమీ అనలేదు.

సుజాత_నెల్లూరు: రవి గారూ, కాలేజీకి అది చెల్లుతుంది. అక్కడ గార్డియన్ అంటే ఫీజు కట్టి, సంతకం పెట్టే పెద్దవాళ్లు. పాస్‌పోర్ట్‌లో లీగల్ గార్డియన్ అంటే కోర్టు ఉత్తర్వుతో నియమించిన సంరక్షకుడు. ఆ గడి నింపితే ఉత్తర్వు కాపీ చూపించమంటారు.

స్వాతీ, నేను ఇరవై ఏళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నానమ్మా, ఇలాంటి ఫారాలు చాలా నింపాను. నీకు 18 దాటాయి కాబట్టి తల్లిదండ్రుల సమ్మతి, సంతకం ఎవరిదీ అక్కర్లేదు. 2016 డిసెంబర్‌లో నిబంధన మార్చాక నాన్న, అమ్మ, లీగల్ గార్డియన్‌లలో ఒక్కరి పేరుంటే చాలు. అమ్మ పేరు ఒక్కటే రాయొచ్చు. నన్నడిగితే మాత్రం మెమోలో ఉన్నట్టు ఇద్దరి పేర్లూ రాయమంటాను. రేపు యూనివర్సిటీ, వీసా కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఒకేలా ఉంటే ప్రశ్నలు రావు. అమ్మ పేరు ముందు "లేట్" అని పెట్టకు, పేరు మాత్రమే రాయి. మెమోలో నాన్న పేరు "కె. వెంకటేశ్వర్లు"లా ఇనీషియల్‌తో ఉంటే ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాయి. మన తెలుగువాళ్ల ఫారాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

మామయ్య పేరుకి చోటు లేకపోలేదు. అత్యవసర సమయంలో సంప్రదించాల్సిన వ్యక్తి అని ఒక పేజీ వస్తుంది, అక్కడ ఆయన పేరు, ఫోన్ నంబర్ ఇవ్వు. ఆధార్‌లో కేరాఫ్ ఆయనది కావడం సమస్య కాదు, అది చిరునామాలో భాగం.

మణి_అమ్మ: నాకు కూడా పాన్ కార్డులో ఇదే ఇబ్బంది వచ్చింది. తండ్రి పేరు లేకుండా ఇవ్వరా?

సుజాత_నెల్లూరు: మణి గారూ, అది వేరే ఫారం. తల్లి ఒంటరిగా పెంచుతున్నట్లయితే తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబర్‌లో మార్చారు. అప్లికేషన్‌లోనే ఆ ప్రశ్న ఉంటుంది, అవును అని పెట్టండి.

లక్ష్మి_గుంటూరు: నా పరిస్థితి ఇంకోలా ఉందండీ. బాబుకి పాస్‌పోర్ట్ తీయించాలి, తొమ్మిదేళ్లు. ఆయనా నేనూ వేరుగా ఉంటున్నాం, విడాకులు కాలేదు. ఆయన సంతకం పెట్టనంటున్నారు.

సుజాత_నెల్లూరు: మైనర్‌కి అప్లికేషన్‌తో పాటు డిక్లరేషన్ ఇవ్వాలి. తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెడితే అది అనెక్సర్ డి. ఒకరి సమ్మతి దొరకనప్పుడు అనెక్సర్ సి. ఎందుకు దొరకలేదో అందులో మీరే వివరించి సంతకం పెట్టాలి. తెల్ల కాగితం మీద చాలు, నోటరీ అక్కర్లేదు. బాబు విషయంలో కోర్టు కేసు నడుస్తుంటే దాచకండి, కాపీ పట్టుకెళ్లండి. ఇలాంటివి చివరి కౌంటర్‌లో అధికారి చూసి తేలుస్తారు, ఒక్కొక్కరు ఒక్కోలా అడుగుతారు. మీకు ఏమడుగుతారో నేను ముందే చెప్పలేను.

డాలస్_శ్రీను: స్వాతి గారూ, అమెరికా వీసాకి DS-160 నింపేటప్పుడు తండ్రి పేరు, పుట్టిన తేదీ అడుగుతుంది. తేదీ తెలియకపోతే పక్కనే "Do Not Know" అని గడి ఉంటుంది, అది టిక్ చేయండి. ఊహించి తేదీ రాయకండి. తెలిసిన పేరుని తెలియదని మాత్రం పెట్టొద్దు.

ఖమ్మం_స్వాతి: చాలా థ్యాంక్స్ ఆంటీ, శ్రీను గారూ. తేదీ నిజంగానే తెలియదు. పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు నాన్న గురించి అడిగితే?

రవి_వరంగల్: ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్లు ముఖ్యంగా చూసేది మీరు ఆ చిరునామాలో ఉంటున్నారా, కేసులేమైనా ఉన్నాయా అని. ఆ రోజు మామయ్యని ఇంట్లో ఉండమనండి. ఇంతకీ సుజాత గారూ, నా పాత పాస్‌పోర్ట్‌లో నాన్న పేరుంది. రెన్యువల్‌లో తీసేసి అమ్మ పేరొక్కటే ఉంచుకోవచ్చా?

సుజాత_నెల్లూరు: కొత్తగా ఒక్క పేరుతో తీసుకోవడం తేలిక. ఉన్న పేరు తీయించడం అంత తేలిక కాదు, కారణం అడుగుతారు. అలా తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి.