అబ్‌స్ట్రాక్ట్‌లో 94 అని రాశా, ఇప్పుడు చూస్తే 81. పోస్టర్ మీద ఏది వేయాలి?

రాత్రి_కోడర్:
ఇంటర్న్‌షిప్‌లో చెస్ట్ ఎక్స్‌రే చూసి న్యుమోనియా ఉందో లేదో చెప్పే మోడల్ చేశా. 310 మంది పేషెంట్లవి 1,200 ఇమేజ్‌లు. యాక్యురసీ 94% అని ఒక స్టూడెంట్ కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపా, యాక్సెప్ట్ కూడా అయింది. ఇప్పుడు పోస్టర్ చేస్తుంటే బయటపడింది, ఒకే పేషెంట్ ఎక్స్‌రేలు ట్రైనింగ్‌లోనూ ఉన్నాయి టెస్ట్‌లోనూ ఉన్నాయి. పేషెంట్ వారీగా విడగొట్టి మళ్లీ రన్ చేస్తే 81 వచ్చింది. ఇంకా 12 రోజులే ఉంది. ఏది వేయాలి, లేక విత్‌డ్రా అయిపోవాలా?

బెంచ్_చివర:
94 వెయ్యి బ్రో. రివ్యూ చేసింది అబ్‌స్ట్రాక్ట్‌నే, బుక్‌లో ప్రింట్ అయ్యేదీ అదే, పోస్టర్ దానికి మ్యాచ్ అవ్వాలి. లేకపోతే జడ్జి రెండూ పక్కపక్కన పెట్టి అడుగుతాడు, నీళ్లు నమలాలి.

శారద_ల్యాబ్:
మ్యాచ్ అవ్వాల్సింది టైటిలూ ఆథర్ల పేర్లూ అండి, ఎందుకంటే జనం ప్రోగ్రామ్‌లో చూసి వెతుక్కుంటూ వస్తారు. రిజల్ట్ అప్‌డేట్ అవ్వడం మామూలే, అబ్‌స్ట్రాక్ట్ పంపాక కూడా పని నడుస్తూనే ఉంటుంది కదా. పైగా ఇది అప్‌డేట్ కూడా కాదు, తప్పు. తప్పని తెలిశాక 94 వేస్తే అది అబద్ధమే అవుతుంది.

తమ్ముడూ, ముందు మెంటర్‌కి చెప్పు, ఆయన పేరు కూడా ఉంది దాని మీద. తర్వాత ఇద్దరూ కలిసి ఆర్గనైజర్లకి మెయిల్ పెట్టండి, బుక్ ఇంకా ప్రింట్‌కి వెళ్లకపోతే చాలాచోట్ల సరిచేసిన అబ్‌స్ట్రాక్ట్ తీసుకుంటారు. తీసుకోకపోతే పోస్టర్ మీదే టైటిల్ కింద ఒక లైన్ వెయ్యి: "అబ్‌స్ట్రాక్ట్‌లోని 94% తప్పు విభజన వల్ల వచ్చింది, సరిచేసిన ఫలితం ఇది." మూలన చిన్న అక్షరాల్లో దాచొద్దు, రెండడుగుల దూరం నుంచి చదవగలగాలి.

81 ఒక్కటే రాయకు. ఐదుసార్లు వేరే వేరే పేషెంట్లని టెస్ట్‌లో పెట్టి రన్ చేసి ఎంత నుంచి ఎంత దాకా వస్తోందో చూపించు. 310లో ఐదో వంతు అంటే 62 మందే, ఎవరు టెస్ట్‌లో పడ్డారన్న దాన్ని బట్టి కూడా నంబర్ ఊగుతుంది. ఇంకోటి, నీ డేటాలో నార్మల్ ఎక్స్‌రేలు ఎన్ని? 70% అవే అయితే కళ్లు మూసుకుని అన్నీ నార్మల్ అన్నా 70 వస్తుంది, అప్పుడు 81 అంటే పెద్ద గొప్పేం కాదు, పోస్టర్ మీద అదీ కనపడాలి.

పిక్సెల్_పిచ్చి:
నాకూ ఇదే ప్రాబ్లం అండి, స్క్రీన్ మీద బాగుండే గ్రాఫ్ A0లో ప్రింట్ తీస్తే మసకబారిపోయింది. స్క్రీన్‌షాట్ పేస్ట్ చేసి లాగితే అంతే. కోడ్‌లోంచి నేరుగా PDF గానీ SVG గానీ సేవ్ చేస్తే ఎంత పెంచినా క్లియర్‌గా ఉంటుంది.

బెంచ్_చివర:
ఆయన అడిగింది అది కాదు 😄 కానీ సేవ్ చేసి పెట్టుకున్నా.

మూడో_రివ్యూయర్:
నేను శారద గారితో సగమే ఏకీభవిస్తా. యాక్సెప్ట్ చేసింది 94 చూసి. 81 అని రాసి ఉంటే ఆ స్లాట్ ఇంకొకరికి వెళ్లేదేమో. ఆర్గనైజర్లకి విషయం చెప్పి, ఉంచాలా తీసేయాలా అన్నది వాళ్లకే వదిలెయ్యడం న్యాయం. మనమే డిసైడ్ చేసుకుని పోస్టర్ తగిలించేస్తే ఎలా?

శారద_ల్యాబ్:
వాళ్లని అడగమనే నేనూ అంటున్నా. కానీ స్టూడెంట్ కాన్ఫరెన్స్‌లో నంబర్ కన్నా పని ఎలా చేశావన్నదే ఎక్కువ చూస్తారని నా అనుభవం. నిజానికి ఆ 13 పాయింట్లు పడిపోవడమే ఈ పోస్టర్‌లో చూడదగ్గ విషయం. నేనైతే మధ్యలో రెండే బార్లు పెద్దగా వేస్తా, ఇమేజ్ వారీగా విడగొడితే 94, పేషెంట్ వారీగా 81. పక్కన ఒకే మనిషివి రెండు ఎక్స్‌రేలు పెడతా, ఒకటి ట్రైనింగ్‌ది ఒకటి టెస్ట్‌ది. మోడల్ ఊపిరితిత్తుల్ని కాక ఆ మనిషి పక్కటెముకల ఆకారాన్నో ఇంకేదో గుర్తుపెట్టుకుని ఉండొచ్చని ఎవరికైనా చూడగానే అర్థమవుతుంది. "ఉండొచ్చు" అనే రాయి, అది నువ్వు రుజువు చేయలేదు. ఆ ఎక్స్‌రేలు బయట చూపించడానికి డేటా ఇచ్చినవాళ్ల పర్మిషన్ ఉందో లేదో కూడా కనుక్కో, లేకపోతే బొమ్మ గీసి పెట్టు. మోడల్ లేయర్ల డయాగ్రమ్ ఉంటే తీసేయ్, దాని ముందు ఎవరూ ఆగరు.

రాత్రి_కోడర్:
మెంటర్‌కి చెప్పా. తిడతారనుకున్నా, "ముందు ఐదుసార్లు రన్ చెయ్" అన్నారంతే. 77 నుంచి 84 మధ్య వచ్చింది. నార్మల్ 64% ఉన్నాయి. మెయిల్ పంపాం. కానీ టైటిల్‌లోనే "అధిక యాక్యురసీ" అని రాసుకున్నా, దాన్నేం చేయాలి?

శారద_ల్యాబ్:
ఆ రెండు పదాలూ తీసేయడానికి ఒప్పుకుంటారేమో మెయిల్‌లోనే అడుగు.

మూడో_రివ్యూయర్:
ఒప్పుకోకపోతే? టైటిల్‌లో "అధిక", కింద 81. అప్పుడు మాత్రం నేను విత్‌డ్రా అనే అంటా.