టీమ్ లీడ్ అయ్యాక మెయిళ్లలో సారీలు ఆగట్లేదు

మధురవాడ లీడ్: రుషికొండలో ఐటీ ఉద్యోగం. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాళ్లకే రెండు నెలలుగా లీడ్‌ని. సోమవారం పంపిన మెయిల్ ఇది:

"సారీ, మీరంతా బిజీ అని తెలుసు. క్లయింట్ అడుగుతున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. వీలైతే ఈ వారంలో టెస్ట్ రిపోర్టులు పంపగలరా? కుదరకపోయినా పర్వాలేదు."

ఆరుగురిలో ఇద్దరే పంపారు. మిగతావి నేనే రాత్రి 11 దాకా కూర్చుని పూర్తి చేశాను.

గాజువాక కుర్రాడు: పంపే ముందు "సారీ" అని వెతికి, కనిపించినవన్నీ తీసేయండి. నేను అలాగే మానేశాను.

పాత మేనేజర్: తీసేసి ఆ మెయిల్ మళ్లీ చదవండి. "వీలైతే", "కుదరకపోయినా పర్వాలేదు" అలాగే ఉన్నాయి. ఆ నలుగురూ మీ మాట కాదనలేదమ్మా, మీరిచ్చిన వెసులుబాటు వాడుకున్నారు. "ఈ వారంలో" అంటే ఏ రోజు? "క్లయింట్ అడుగుతున్నారు కాబట్టి" అంటే ఈ పని మీకూ ఇష్టం లేదని చెప్పినట్టే. నేనైతే ఇలా రాస్తాను:

"గురువారం సాయంత్రం 4 కల్లా మీ టెస్ట్ రిపోర్ట్ షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. శుక్రవారం ఉదయం క్లయింట్ రివ్యూ ఉంది, ముందురోజే అన్నీ కలిపి చూసుకోవాలి. అప్పటికి అవదనిపిస్తే బుధవారం మధ్యాహ్నంలోపు చెప్పండి, పని సర్దుదాం."

మర్యాద ఎక్కడా తగ్గలేదు చూడండి. నిజంగా మీ తప్పుంటే మాత్రం సారీ చెప్పాల్సిందే, ఒక్కసారి, దిద్దుబాటుతో కలిపి: "నిన్నటి షీట్‌లో తేదీ తప్పు పడింది, సారీ. సరైనది జత చేశాను."

సీతమ్మధార: నాదీ ఇదే బాధ! సెలవు అడగాలన్నా మేనేజర్‌కి మూడు పేరాలు బతిమాలుతూ రాస్తాను.

పాత మేనేజర్: అది వేరండి. అక్కడ నిర్ణయం ఆయనది, అడగడమే సరి. తేదీలు, మీ పని ఎవరు చూస్తారో రాస్తే చాలు.

మధురవాడ లీడ్: టీమ్‌లో ఒకరు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. పని నేర్పింది ఆయనే, అన్నా అనే పిలుస్తాను. ఆయనకీ "4 కల్లా పెట్టండి" అనే రాయాలా?

పాత మేనేజర్: ముందు సీటు దగ్గరికెళ్లి ఒక మాట చెప్పండి. మెయిల్ మాత్రం అందరికీ ఒకటే.

గాజువాక కుర్రాడు: ఒకరికే విడిగా చెబితే మిగతావాళ్లు పట్టించుకోరా? నేను సారీలు తీసేసిన కొత్తలో "సీటు రాగానే కళ్లు నెత్తికెక్కాయి" అని ఓ సీనియర్ నెల రోజులు మాట్లాడలేదు. అయినా అందరికీ ఒకేలా ఉండడమే నయం అంటాను.

మధురవాడ లీడ్: ఈ వారం అలాగే రాశాను, అన్నకి ముందే చెప్పాను కూడా. గురువారం 4 కల్లా ఐదు రిపోర్టులు వచ్చాయి. ఒకరు బుధవారమే కష్టమని చెబితే సగం పని ఇంకొకరికి ఇచ్చాను. అన్నది మాత్రం శుక్రవారం పొద్దున 9కి వచ్చింది, ఆలస్యం గురించి ఒక్క మాట లేదు. వచ్చే వారం ఆయనకి 4 గంటల సంగతి విడిగా గుర్తు చేయాలా, ఈసారికి వదిలేయాలా?