అప్‌డేట్: పది పొరల నెట్‌వర్క్ ఎందుకు నేర్చుకోలేదో తెలిసింది

నా ప్రశ్న: “రెండు తరగతుల వర్గీకరణ. పది దాగిన పొరలు, అన్నిటిలో సిగ్మాయిడ్. లాస్ 0.693 దగ్గరే ఆగిపోయింది. ఎందుకు?”

సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు. పొరలవారీగా గ్రేడియంట్ చూడమన్న సలహాతోనే గుట్టు బయటపడింది. `loss.backward()` తరువాత ఇది నడిపాను:

```
for n, p in model.named_parameters():
    print(n, p.grad.norm())
```

చివరి పొరలో విలువ బాగానే ఉంది, మొదటి పొరకు వచ్చేసరికి దాదాపు సున్నా. సిగ్మాయిడ్ వాలు ఎంత ఎక్కువైనా 0.25 దాటదు, అది కూడా ఇన్‌పుట్ సున్నా అయినప్పుడే. వెనక్కి వెళ్లే గ్రేడియంట్‌ను ప్రతి పొర తన వెయిట్లతో పాటు ఈ వాలుతోనూ గుణిస్తుంది. వెయిట్లను పక్కన పెట్టి చూసినా, పదిసార్లు 0.25తో గుణిస్తే మిగిలేది సుమారు పది లక్షల్లో ఒక వంతు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే నాకు విషయం నిజంగా అర్థమైంది.

దాగిన పొరల్లో రెలూ పెట్టి, వెయిట్లను హీ పద్ధతిలో మొదలుపెట్టాను. ఇన్‌పుట్ ధనాత్మకమైతే రెలూ వాలు 1, కాబట్టి అక్కడ గ్రేడియంట్ తరగదు. లాస్ వెంటనే దిగడం మొదలైంది. సంభావ్యత కావాలి కనుక అవుట్‌పుట్ పొరలో సిగ్మాయిడ్‌నే ఉంచాను.

లెర్నింగ్ రేట్ పెంచడం, డేటా పెంచడం ఈ సమస్యకు పనికిరాలేదు. పైగా రెలూతో పెద్ద లెర్నింగ్ రేట్ వాడితే కొన్ని యూనిట్లు ఎప్పుడూ సున్నానే ఇస్తూ ఉండిపోయాయి, ఎందుకంటే రుణాత్మక వైపు దాని వాలు సున్నా. రేటు తగ్గించి మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇచ్చాక అదీ సర్దుకుంది.